నీచు లేని పులుసు, చెదరని ముక్క

భీమవరం దగ్గర మా మేనత్త వండే శీలావతి పులుసులో ముక్కకి అంచు ఉంటుంది. కత్తిపీట మీద తెగిన గీత ఎక్కడుందో వడ్డించినప్పుడు కూడా కనిపిస్తుంది. తోలు ఊడదు, ముల్లు విడిగా తేలదు, దాక అడుగున పొడి మిగలదు. అదే ముక్కని అన్నంలో పెట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కితే రేకులు రేకులుగా విచ్చుకుంటుంది. ఉడకనందువల్ల గట్టిగా ఉన్న ముక్క కాదది, పూర్తిగా ఉడికి నిలబడ్డ ముక్క. ఈ రెంటికీ తేడా తెలియక కొందరు చేపని సగం ఉడికించి దించేస్తారు, కొందరు గరిటెతో కలిపి కలిపి ముద్ద చేస్తారు. అత్త పనిని దగ్గర కూర్చుని గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ముక్క చెదరకుండా ఉండటానికి ఆవిడ చేసేదంతా చేప దాకలో పడకముందే అయిపోతుంది. పడ్డాక ఆవిడ చేసేది చాలా తక్కువ.

చేప ఎందుకు చెదురుతుందో ముందు చూడాలి. మేక మాంసంలో కండ పోగులు పొడుగ్గా ఉంటాయి, వాటిని కట్టి ఉంచే పొర మొండిది. అది మెత్తబడాలంటే చాలాసేపు ఉడకాలి. చేప కండ పొట్టి పోగులతో, పుస్తకంలో పుటల్లా రేకుమీద రేకుగా పేర్చి ఉంటుంది. రేకుకీ రేకుకీ నడుమ ఉన్న పొర చాలా పల్చన. నీళ్లు మరిగేదాకా కూడా అది ఆగదు, 50, 60 డిగ్రీల వేడికే జిగురుగా కరగడం మొదలవుతుంది. అంటే చేప ఉడకడమూ రేకులు వదులవడమూ ఒకే సమయంలో జరిగే పనులు. ఉడికిన ప్రతి ముక్కా చెదరడానికి సిద్ధంగానే ఉంటుంది, దాన్ని కుదపకుండా ఉంచడమే మన చేతిలో ఉన్నది. అప్పుడు దాన్ని పట్టి ఉంచేవి రెండే, చుట్టూ ఉన్న తోలు, నడుమ ఉన్న ముల్లు.

అందుకే అత్త పులుసు చేపకి తోలు తీయనివ్వదు. పొలుసు మాత్రం ఒక్కటి కూడా మిగలకూడదు. ముక్క వెన్నుముల్లుతో సహా అడ్డంగా, బొటనవేలు మందాన తెగాలి. అంతకంటే పల్చనైతే లోపల ఉడికేసరికి అంచులు రాలిపోతాయి. మరీ మందమైతే పులుపు లోపలికి దిగదు. తోక వైపు సన్నబడే భాగాన్ని కొంచెం పొడుగ్గా ఉంచమంటుంది. తలకాయ రెండు చెక్కలు, మొప్పలు పూర్తిగా తీసేసి.

కడగడం ఆవిడ అసలు విద్య. ముక్కల్ని కుళాయి కింద పెట్టి నీళ్లు వదిలేస్తే కడిగినట్టు కాదు. గిన్నెలో గుప్పెడు కళ్లుప్పు వేసి, నీళ్లు పోయకుండానే, ఒక్కో ముక్కనీ చేతిలోకి తీసుకుని తోలు వైపు రుద్దుతుంది. కాసేపటికి తెల్లటి జిగురు చేతికి అంటుతుంది. అది కడిగేశాక వేలితో తోలు మీద రాసి చూస్తుంది. వేలు జారితే మళ్లీ ఉప్పు, గరగరమంటే ముక్క శుభ్రమైనట్టు. తర్వాత పొట్ట భాగం లోపల ఉన్న నల్లపొరని గోటితో ఒలిచేస్తుంది. వెన్నుముల్లుని ఆనుకుని గడ్డకట్టిన నెత్తురు గీత ఒకటి ఉంటుంది, చాలామంది వదిలేసేది దాన్నే. అత్త చిన్న కత్తి మొనతో దాన్ని గీకి తీసి నీళ్లతో కడిగేస్తుంది. “నీచంతా ఇక్కడే ఉంటదిరా. ఇది తియ్యకుండా ఎంత మసాలా ఏసినా ఏం లాభం?” అంటుంది.

ఆ మాటలో నిజముంది, కానీ నీచు అన్ని చేపల్లో ఒకటి కాదు. సముద్రపు చేప ఒంట్లో ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైల్ అమైన్‌గా మారుస్తాయి. వంజరం, చందువ నిలవైతే ముక్కుకి తగిలే ఘాటు అదే. అది క్షారగుణం ఉన్న పదార్థం కాబట్టి పులుపు తగిలితే లవణంగా మారి గాల్లోకి లేవదు. శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపల్లో ఈ గొడవ తక్కువ. వాటి పేచీ మట్టి వాసన. చెరువులో పెరిగే నాచులాంటి జీవులూ కొన్ని సూక్ష్మజీవులూ జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి, తొలకరి వానకి నేల నుంచి లేచే వాసనా దానిదే. నేలకి అందమైన ఆ వాసన పులుసులో ఎవరికీ నచ్చదు. అది చేప కొవ్వులో, తోలు కింద చేరుతుంది కాబట్టి ఎంత కడిగినా పూర్తిగా పోదు. పులుపు దాన్నీ విరుస్తుంది. రెండు రకాల వాసనకీ మందు పులుపే కావడం మన వంటకి దొరికిన వరం.

అలాగని ముక్కలకి నిమ్మరసం పిండి గంటలు గంటలు వదిలేయకూడదు. పులుపు ఎక్కువసేపు తగిలితే పైకండ తెల్లబడి, పొయ్యి ఎక్కకముందే ఉడికినట్టయి, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. అత్త చెరువు చేపకి పుల్లమజ్జిగ పట్టించి పది నిమిషాల్లో కడిగేస్తుంది. ఆ తర్వాత నీళ్లు వంచేసి ఉప్పు, పసుపు, కొంచెం కారం పట్టించి అరగంట పక్కన పెడుతుంది. ఈ అరగంట ముఖ్యం. ఉప్పు పైపొరలోని నీటిని లాగి కండని బిగిస్తుంది. గిన్నె అడుగున ఊరిన నీటిని పులుసులో పోయకుండా పారబోస్తుంది, పోయిన వాసనని మళ్లీ తెచ్చుకోవడమెందుకని.

ఇక పులుసు. కిలో ముక్కలకి పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు నానబెట్టి రెండు గ్లాసుల రసం తీస్తుంది. వెడల్పాటి మట్టి దాకలో నూనె ధారాళంగా పోసి, మూడు ఉల్లిపాయల ముద్ద వేసి, ఎర్రబడేదాకా ఓపిగ్గా వేయిస్తుంది. పచ్చిమిర్చి చీలికలు, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు, ఆ తర్వాత చింతపండు రసం. ఇక్కడే చాలామంది తొందరపడి ముక్కలు వేసేస్తారు. అత్త వేయదు. పులుసు చిక్కబడి, పచ్చివాసన పోయి, నూనె అంచుల్లో పైకి తేలేదాకా పావుగంట పైనే మరగనిస్తుంది. ముక్కలు లేకుండా రుచి చూసి ఉప్పూ పులుపూ అప్పుడే సరిచేస్తుంది. కారణం సూటిగా ఉంది. చింతపండు పచ్చిదనం పోవడానికి పావుగంట కావాలి, చేప ఉడకడానికి పది నిమిషాలు చాలు. ముందే ముక్కలు వేస్తే పులుసు కోసం చేప అదనంగా ఉడకాల్సి వస్తుంది, రేకులు విడిపోయేది ఆ అదనపు సమయంలోనే. చేప పడ్డాక ఉప్పు చాల్లేదని తెలిస్తే కలపక తప్పదు, అది మరో ముప్పు.

దాక వెడల్పుగా ఉండటమూ ఊరికే కాదు. ముక్కలన్నీ ఒకే వరసలో, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా పడుకోవాలి. ఇరుకు గిన్నెలో రెండు మూడు వరసలైతే అడుగువి నలుగుతాయి, పైవి పచ్చిగా ఉంటాయి, కిందా మీదా చేయడానికి గరిటె దించాల్సి వస్తుంది. అత్త ముందు తలకాయ చెక్కలు వేస్తుంది, తర్వాత నడుము ముక్కలు, చివర పొట్ట ముక్కలూ తోకా. వేసిన వెంటనే గరిటె కడిగి పక్కన పెట్టేస్తుంది. సెగ తగ్గిస్తుంది. పులుసు గలగలా పొంగకూడదు, అక్కడక్కడా బుడగ లేస్తుండాలి. పొంగే పులుసు కూడా గరిటెంత పనీ చేస్తుంది. కలపాల్సి వస్తే మసిగుడ్డతో దాక రెండు అంచులూ పట్టుకుని గుండ్రంగా ఒక చుట్టు కుదుపుతుంది. పులుసు తిరుగుతుంది, ముక్కలు దానితోపాటే కదులుతాయి.

“అయిందని ఎలా తెలుస్తుందత్తా?” అని అడిగితే తలకాయ వైపు చూపించింది. “కన్ను చూడు. తెల్లగా ముత్యంలా అయిపోతే సెగ ఆపెయ్యి. ఇంకా ఉంచావా, ముక్క ఇరిగిపోద్ది.” తలకాయ లేకపోతే వెన్నుముల్లు దగ్గర చూడాలి. అక్కడి కండ గాజులాంటి నిగనిగ పోయి పాలరంగులోకి వస్తే చాలు. మట్టి దాక వేడి వెంటనే వదలదు కాబట్టి పొయ్యి ఆపాక కూడా కాసేపు ఉడుకుతూనే ఉంటుంది, ఆ లెక్క కలుపుకునే అత్త దించుతుంది. వేయించి దంచిన మెంతులు, ధనియాల పొడి పావు చెంచా చొప్పున, కొత్తిమీర చల్లి కదపకుండా వదిలేస్తుంది. చల్లారేకొద్దీ కరిగిన పొర జిగురుగా బిగిసి రేకుల్ని మళ్లీ పట్టుకుంటుంది. మరుసటి రోజు పులుసు రుచీ, ముక్క నిలకడా రెండూ పెరగడానికి ఇదొక కారణం.

వేపుడు విషయంలో సూత్రం అదే, శత్రువు వేరు. అక్కడ ముక్కని చీల్చేది పెనం. తడిగా ఉన్న కండ సరిగ్గా కాగని ఇనుముకి అతుక్కుంటుంది, మనం తిప్పబోతే పైపొర పెనానికే మిగులుతుంది. ముక్కని గుడ్డతో తుడిచి, పెనాన్ని ముందు బాగా కాల్చి, తర్వాత నూనె పోసి, కరివేపాకు వేస్తే చిటపటలాడిందంటే ముక్క వేయాలి. ఆపైన మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోకూడదు. అడుగు పెచ్చుకట్టాక ముక్క తనంతట తనే పెనాన్ని వదులుతుంది. అట్లకాడ పెడితే మొరాయిస్తోందంటే ఇంకా సమయం కాలేదని. ఇల్లంతా వాసన కమ్మేది వేపుడుకే, నూనె తుంపరలతోపాటు అది గోడలకీ కర్టెన్లకీ పడుతుంది. ఫ్లాట్లలో ఉండేవాళ్లు ముక్క వేశాక కాదు, నూనె పోయకముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకోవాలి.

వంటయ్యాక అత్త చింతపండు పిప్పి పారేయదు. చేతులకీ కత్తిపీటకీ గిన్నెలకీ దానితోనే రుద్ది, చన్నీళ్లతో కడుగుతుంది. ముందే వేణ్నీళ్లు పోస్తే గిన్నెకి అంటిన చేప ఉడికి అక్కడే పట్టేస్తుంది. చన్నీళ్ల తర్వాతే సబ్బు, వేణ్నీళ్లు. చేప కడిగిన నీళ్లు సింకులోకి పోవు, పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లోకి పోతాయి.

ఇంత పనితనమూ పాత చేప ముందు ఓడిపోతుంది. నిలవైన చేపలో కండ తనలోని ఎంజైములకే మెత్తబడి, పచ్చిగా ఉన్నప్పుడే రేకుల మధ్య చీలికలు పడతాయి. దానికి ఏ దాకా, ఏ పులుపూ పనిచేయవు. ఫ్రీజరులో మెల్లగా గడ్డకట్టిన చేపదీ దాదాపు అదే గతి, లోపల పెరిగిన మంచు పలుకులు కండని ముందే చీల్చి ఉంటాయి. తప్పదనుకుంటే దాన్ని ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచి కరగనిచ్చి, పులుసు మానేసి వేపుడుకి వాడుకోవడం మేలు. కాబట్టి బజార్లో మొప్ప ఎత్తి ఎరుపు చూడండి, కండ నొక్కితే గుంట వెంటనే పూడుతోందో లేదో చూడండి. కొట్టేవాడు కత్తి ఎత్తకముందే తోలు ఉంచమనీ, ముక్క బొటనవేలు మందానికి తగ్గొద్దనీ చెప్పండి. తెగాక చెప్పి లాభం లేదు.