కొనుగోలు చేయడమా, కొనడమా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర రైతును కదిలిస్తే క్రియలే మాట్లాడతాడు: కాయలు కోశాం, కల్లంలో ఆరబోశాం, టిక్కీలకెత్తాం, యార్డుకు తోలాం. అదే సంగతి కాగితమెక్కితే కోత పూర్తి చేయడం, సరుకును ఆరబెట్టడం, యార్డుకు తరలింపు చేయడం అన్నీ ‘జరుగుతాయి’. పని పేరుగా మారిపోతుంది. దాన్ని మోయడానికి ‘చేయు’, ‘జరుగు’, ‘తీసుకొను’ లాంటి మరో క్రియ కావలసివస్తుంది.

ఈ బరువును దించడం పత్రికా రచనలో తొలి పాఠాల్లో ఒకటి. వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ ఈనాడు జర్నలిజం పాఠశాల ప్రిన్సిపాల్‌గా విలేఖరులకు వాడుక తెలుగులో రాయడం నేర్పారు. ఆ తెలుగులో నిర్ణయం తీసుకున్నవారు నిర్ణయిస్తారు, పరిశీలన జరిపినవారు పరిశీలిస్తారు, కొనుగోలు చేసినవారు కొంటారు.

పత్తి కేంద్రం నుంచి ఇలాంటి వార్త వచ్చిందనుకుందాం: ‘తేమ శాతం పరిశీలన జరిపిన అనంతరం అధిక తేమ కారణంగా పత్తి తిరస్కరణకు గురికావడం జరిగింది.’ దిద్దేవాడు ముందు పేర్లుగా మారిన పనులను పట్టుకోవాలి. ఇక్కడ అవి పరిశీలన, తిరస్కరణ. తర్వాత ఆ పనులు ఎవరు చేశారో అడగాలి. వాక్యంలో జవాబు లేదు! సీసీఐ బయ్యరా, జిన్నింగ్ మిల్లు మనిషా? ఎంత తేమ? విలేఖరి మళ్లీ ఫోన్ చేయక తప్పదు. చేశాక వాక్యం ఇలా తేలుతుంది: ‘తేమ 14 శాతం ఉందని సీసీఐ బయ్యరు పత్తిని తిప్పిపంపాడు.’ మద్దతు ధరకు కొనేటప్పుడు సీసీఐ 8 శాతం తేమ దాటితే ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. కాబట్టి ఆ అంకె లేకుండా వార్త నిలవదు. ‘జరిగింది’ అన్న ఒక్క మాట చాటున కర్తా, కారణం రెండూ దాక్కున్నాయి. కొందరికి అదే సౌకర్యం అనుకోండి.

అలాగని కనిపించిన ప్రతి ‘చేయు’నూ కొట్టేస్తే తెలుగే చెడుతుంది. సాయం చేయడం, ఫోన్ చేయడం, వేలం వేయడం నోటి మాటలే. వాటిని ఇంకా కుదించే పని లేదు. ‘దర్యాప్తు చేశారు’కి ఒంటి క్రియ దొరకదు. ‘కమిటీ విచారణ జరిపింది’ని ‘విచారించింది’గా మారిస్తే కమిటీ బాధపడిందని కూడా చదువుకోవచ్చు. తర్వాతి వాక్యంలో ‘ఆ నిర్ణయాన్ని రైతులు ఒప్పుకోలేదు’ అని రాయాల్సివస్తే ముందు వాక్యంలో ‘నిర్ణయం’ ఉండడమే మేలు, మాట అందుకోవడానికి పట్టు దొరుకుతుంది.

చిక్కల్లా ‘చేయబడును’ దగ్గర. ‘12 శాతం మించి తేమ గల పత్తి కొనుగోలు చేయబడదు’ అని బోర్డు రాసేవాడికి అది మర్యాదగా తోస్తుంది. ట్రాక్టరు దిగి చదివే రైతుకు ‘తేమ 12 శాతం దాటితే పత్తి కొనం’ చాలు. ఆ ‘కొనం’లో కొననిది ఎవరో, ఎవరిని నిలదీయాలో రెండూ తెలుస్తాయి.