లెక్క మొదలుపెట్టకముందే సున్నా

పెట్టెలో కణం లెక్క బీఎస్సీ ఫిజిక్స్ చదివిన ఎవరికైనా గుర్తుండే ఉంటుంది. 0 దగ్గర ఒక గోడ, L దగ్గర ఇంకో గోడ, మధ్యలో ఒక ఎలక్ట్రాన్. స్థితులన్నీ sin(nπx/L) రూపంలో ఉంటాయి. కాంతి తగిలినప్పుడు ఎలక్ట్రాన్ మొదటి స్థితి నుంచి మూడో స్థితికి ఎక్కుతుందా అని పరీక్షలో అడుగుతారు. విద్యార్థి మొదటి స్థితిని, x నీ, మూడో స్థితినీ గుణించి, విభాగ సమాకలనం చేస్తూ ఒక పేజీ నింపుతాడు. చివరికి సున్నా వస్తుంది. ఎక్కడో గుర్తు తప్పిందేమోనని మళ్లీ మొదటికి వస్తాడు. తప్పేమీ లేదు. ఆ సున్నా కలం తీయకముందే తెలియాల్సినది.

దాన్ని ముందే పట్టే ఉపాయం పెట్టెను అద్దంలో చూడటమే. గోడ దగ్గర కాదు, పెట్టెకు నట్టనడుమ, L/2 దగ్గర అద్దం పెట్టాలి. అప్పుడు x ఉన్న చోట L−x వస్తుంది. మొదటి స్థితి నడుమ ఒకే గోపురంలా ఉంటుంది కాబట్టి అద్దంలోనూ అలాగే కనిపిస్తుంది, అంటే సరి. రెండో స్థితి ఒక పక్క పైకీ ఇంకో పక్క కిందికీ ఉంటుంది కాబట్టి అద్దంలో తలకిందులవుతుంది, అంటే బేసి. మూడోది మళ్లీ సరి, నాలుగోది బేసి. ఈ సరి, బేసి గుణాన్నే పారిటీ అంటారు. శక్తి మెట్టు ఒకటి ఎక్కినప్పుడల్లా తరంగం సున్నాను దాటే చోటు ఒకటి పెరుగుతుంది, దాంతో పారిటీ మారుతుంది.

ఇది పెట్టె ఒక్కదానికే చెల్లే విషయం కాదు. పొటెన్షియల్ ఎడమా కుడీ ఒకేలా ఉంటే, ఒక స్థితిని అద్దంలో తిప్పినా అదే శక్తి ఉన్న స్థితే వస్తుంది. ఒకే రేఖ మీద కదిలే, బంధించి ఉన్న కణానికి ఒక శక్తి దగ్గర ఒకే స్థితి ఉంటుంది. కాబట్టి తిప్పినది పాతదే కావాలి, లేదా గుర్తు మారిన పాతదే కావాలి. మూడో దారి లేదు.

ఇప్పుడు సమాకలనం సంగతి చూద్దాం. కాంతి ఎలక్ట్రాన్‌ని కదిలించే బలం, మామూలుగా లెక్కలోకి తీసుకునే మేరకు, x తోనే వస్తుంది. నడుమ నుంచి కొలిస్తే x బేసి. మొదటి స్థితి సరి, మూడోది సరి. సరి, బేసి, సరి గుణిస్తే బేసి. బేసి ప్రమేయంలో ఎడమ పక్క వచ్చిన ప్రతి ముక్కకూ కుడి పక్క అంతే పరిమాణంలో ఎదురు గుర్తుతో ఇంకో ముక్క ఉంటుంది. మొత్తం సున్నా, పేజీ మిగిలింది. అదే 1 నుంచి 2 కి అయితే సరి, బేసి, బేసి కలిసి సరి అవుతాయి. అక్కడ మాత్రం సమాకలనం చేయక తప్పదు. చేస్తే −16L/9π² వస్తుంది, అంటే గుర్తు వదిలేస్తే దాదాపు 0.18L. గోడల మధ్య దూరం 8 నానోమీటర్లయితే ఇది సుమారు 1.4 నానోమీటర్లు.

ఎక్కువమంది జారేది అద్దం పెట్టే చోటు దగ్గరే. పుస్తకం 0 నుంచి మొదలుపెట్టింది కదా అని సైన్‌లన్నీ బేసి అనుకుంటారు. అలా అనుకుంటే బేసి, బేసి, బేసి కలిసి ఏ దూకుడూ కుదరదని తేలుతుంది, అది తప్పు. సైన్ 0 చుట్టూ బేసి అయితే కావచ్చు గానీ, 0 కి ఎడమ పక్క అసలు పెట్టే లేదు. ఇంకో అనుమానం కూడా వస్తుంది: గోడ నుంచి కొలిచిన x సరీ కాదు, బేసీ కాదు కదా? దాన్ని L/2 గానూ, నడుమ నుంచి దూరంగానూ విడదీయండి. L/2 అనేది స్థిరరాశి. రెండు వేర్వేరు స్థితులు ఒకదానికొకటి లంబాలు కాబట్టి ఆ ముక్క దానంతటదే పోతుంది. సగటు స్థానం కూడా ఇలాగే ఉచితంగా దొరుకుతుంది: ఏ స్థితిలోనైనా అది L/2 మాత్రమే, సమాకలనం అక్కర్లేదు.

అయితే పారిటీ కుదరదన్న చోట సున్నా ఖాయం గానీ, కుదురుతుందన్న చోట ఎంత వస్తుందో అది చెప్పదు. పెట్టెలో 1 నుంచి 4 కి పారిటీ అడ్డు లేదు. అయినా ఆ సమాకలనం 1 నుంచి 2 కి వచ్చినదాంట్లో పన్నెండున్నరో వంతే. స్ప్రింగు లాంటి పొటెన్షియల్‌లో, అంటే హార్మోనిక్ ఆసిలేటర్‌లో, 0 నుంచి 3 కి పారిటీ ఒప్పుకుంటుంది, లెక్క మాత్రం సున్నాయే. అక్కడ x పక్క మెట్టుని తప్ప దేన్నీ అందుకోలేదు, కారణం వేరు. పారిటీ ఒప్పుకుంది కాబట్టి వర్ణపటంలో గీత కనిపిస్తుందని రాసేసే వాళ్లకు మార్కులు పోయేది ఇక్కడే.

అసలు సౌష్ఠవమే చెడితే? పెట్టెకు అడ్డంగా విద్యుత్ క్షేత్రం పెడితే అడుగు ఒక పక్కకి వాలుతుంది. మొదటి స్థితిలో కొంచెం రెండోది కలుస్తుంది, మూడోదాంట్లోనూ కలుస్తుంది. అప్పటిదాకా కుదరని 1 నుంచి 3 కి దారి తెరుచుకుంటుంది. 1 నుంచి 3 కి వచ్చిన గీత క్షేత్రం వల్లే వచ్చిందో లేదో తేల్చుకోవడానికి గుర్తు ఒకటుంది: క్షేత్రం చిన్నదిగా ఉన్నంతవరకు దాన్ని రెండింతలు చేస్తే ఆ గీత తీవ్రత నాలుగింతలవుతుంది. గాలియం ఆర్సెనైడ్ పొరలతో చేసిన క్వాంటం బావుల్లో క్షేత్రం లేకుండానే ఆ గీత కనిపిస్తే, పొరలు రెండు వైపులా సమంగా పడలేదేమోనని మొదట అనుమానించాల్సిందే.

పరమాణువులో ఈ నిషేధం ఎంత గట్టిదో హైడ్రోజన్‌లో చూడొచ్చు. అక్కడ అద్దం బదులు x, y, z మూడింటి గుర్తూ ఒకేసారి మారుతుంది. 2p స్థితి బేసి, 1s సరి. కాబట్టి 2p నుంచి ఎలక్ట్రాన్ 121.6 నానోమీటర్ల కాంతిని వదిలి 1.6 నానోసెకన్లలో దిగిపోతుంది. దాదాపు అదే శక్తి ఉన్న 2s మాత్రం సరి. సరి నుంచి సరికి బేసి బలం దారి ఇవ్వదు, అందుకే అది సుమారు 0.12 సెకను నిలుస్తుంది. ఇది 2p కంటే దాదాపు ఏడున్నర కోట్ల రెట్లు ఎక్కువ.

ఈ నియమం పారిటీ అన్న ఆలోచన కంటే ముందే దొరికింది. ఒట్టో లాపోర్ట్ 1924లో ఇనుము వర్ణపటంలోని గీతల్ని విడదీస్తూ, శక్తి స్థితులు రెండు జాతులుగా ఉన్నాయని, దూకుళ్లు ఒక జాతి నుంచి రెండో జాతికే జరుగుతున్నాయని గమనించాడు. ఎందుకలా అన్నది 1927లో యూజీన్ విగ్నర్ సౌష్ఠవంతో చెప్పాడు. అణువుల కంపనాల్లో ఏ గీత రామన్ వర్ణపటంలో వస్తుందో, ఏది పరారుణంలో వస్తుందో సౌష్ఠవంతోనే ముందుగా చెప్పే పద్ధతి మీద మన వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి 1948లో ఒక పుస్తకమే తెచ్చారు.

ఇంతకీ ఆ 2s ఎలక్ట్రాన్ దిగేదెలా? కొద్దిపాటి విద్యుత్ క్షేత్రం తగిలినా 2p కొంత కలిసి వెంటనే దిగిపోతుంది. 2s, 2p ల మధ్య సన్నని తేడాను 1947లో లాంబ్, రెథర్‌ఫర్డ్ కొలవగలిగారంటే, 2s పరమాణువులు వాళ్ల పరికరం చివరిదాకా బతికి చేరడం వల్లే. ఏ క్షేత్రమూ లేకపోతే ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు ఫోటాన్లు వదులుతుంది. బేసి బలం రెండుసార్లు పనిచేస్తే సరి అవుతుంది, అప్పుడు సరి నుంచి సరికి దారి ఉంటుంది. ఆ రెండూ శక్తిని ఎలాగైనా పంచుకోవచ్చు కాబట్టి వర్ణపటంలో ఒక గీత ఉండాల్సిన చోట ఒక పలచని వెలుగు పరుచుకుని కనిపిస్తుంది.