ఏ కారం చెంచాడు?

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నువ్వు తీసిన మిరపకాయలు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి" అన్నాడు. పలకరింపు కూడా లేదు.

వాడిది గుంటూరులో కారప్పొడి వ్యాపారం. కిందటేడు వెబ్‌సైట్ కూడా పెట్టాడు. అందులో తెరవగానే కనపడే ఫొటో నాది. ఫిబ్రవరిలో ఒక కల్లంలో తీశాను. ఆరబోసిన మిరపకాయలు, పక్కన సిమెంటు స్తంభం, దానికి ఆనుకుని తెల్ల పంచె కట్టుకున్న ముసలి రైతు. ఎండు మిరపకాయ ఎరుపు కుంకుమ ఎరుపు కాదు. ముడతల్లో నల్లగా, వంపు మీద చిన్న మెరుపుతో, తొడిమ దగ్గర కాస్త గోధుమ రంగు తిరిగి ఉంటుంది. ఆ తేడాలు దొరకాలనే ఎండ ముదరకముందే వెళ్లాను. అలాంటి ఫొటోని ప్లాస్టిక్ అంటే ఎవడికైనా మండుతుంది.

"మా ఇంట్లో శుభ్రంగా ఉంది గదరా" అన్నాను.

"నా పాత కంప్యూటర్‌లోనూ బాగుంది. కొత్త మానిటర్ కొన్నాను కదా, దాంట్లోనే ఇలా. అది కూడా క్రోమ్‌లో బాగుంది, ఫైర్‌ఫాక్స్‌లో బాలేదు. నువ్వే వచ్చి చూడు."

ఒకే తెర, ఒకే ఫైలు, బ్రౌజర్లు మాత్రం రెండు. వెళ్లకుండా ఉండలేకపోయాను.

రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. వాడన్నది నిజమే. ఎడమ పక్క నేను తీసిన మిరపకాయలు. కుడి పక్క ఎవరో ఎర్ర పెయింటులో ముంచి తీసినట్టున్నాయి. ముడతలు పూడుకుపోయాయి. కాసేపటికి నా కన్ను ఎరుపు మీంచి స్తంభం మీదికి పోయింది. సిమెంటు బూడిద రంగు రెండింట్లోనూ ఒకటే. పంచె తెలుపూ అంతే. తేడా అంతా ఎరుపులోనూ, వెనకాల వేపచెట్టు పచ్చలోనూ ఉంది. ఫొటో మొత్తం ముదిరితే వెలుతురు సంగతి అనుకోవచ్చు. తెలుపూ బూడిదా కదలకుండా గాఢమైన రంగులు మాత్రమే మండిపోతుంటే, అంకెలు ఒక కొలతలో రాసి ఇంకో కొలతలో చదువుతున్నారన్నమాట.

వాడికి వాడి భాషలోనే చెప్పాను. "పప్పులోకి రెండు చెంచాల కారం వేయమని మీ అమ్మ రాసిచ్చిందనుకో. ఏ కారం?"

"బ్యాడిగి అయితే రెండు. తేజ అయితే ఒకటి కూడా ఎక్కువే" అన్నాడు తడుముకోకుండా.

ఫొటో ఫైలులో ఉండేది ఆ రెండు చెంచాల లెక్కే. ప్రతి చుక్కకీ ఎరుపు ఇంత, పచ్చ ఇంత, నీలం ఇంత అని సున్నా నుంచి 255 దాకా మూడు అంకెలు. ఎరుపు 255 అంటే "నీ దగ్గరున్న ఎరుపు మొత్తం వెయ్యి" అని మాత్రమే అర్థం. ఆ ఎరుపు ఎంత ఘాటుదో అంకె చెప్పదు. అందుకే 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే కొలత ప్రతిపాదించాయి. అప్పట్లో అందరి బల్లల మీదా ఉన్న బొజ్జ మానిటర్లు చూపించగల రంగులే దానికి ఆధారం. ఇంటర్నెట్‌లో ఫొటోలు చాలావరకు ఈనాటికీ ఆ కొలతలోనే ఉంటాయి. అది మన బ్యాడిగి. మా వాడు కొన్న మానిటరేమో డిస్‌ప్లే పీ3 అనే పెద్ద పరిధి రంగులు చూపించే రకం. దాని ఎరుపు ఇంకా గాఢం, పచ్చ ఇంకా గాఢం. అది తేజ.

కాబట్టి మధ్యలో ఒకరు చెంచాలు మార్చి కొలవాలి. నా ఫొటోలో ఒక మిరపకాయ వంపు దగ్గర చుక్కని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పట్టుకుంటే 200, 30, 25 వచ్చింది. అదే రంగు పీ3 మానిటర్ మీద కనపడాలంటే పంపాల్సింది 184, 50, 38. ఎరుపు అంకె తగ్గింది, పచ్చా నీలం పెరిగాయి. మరీ గాఢంగా ఉన్న ఎరుపుని ఆ రెండూ కలిపి పలచన చేస్తున్నారు. ఎస్‌ఆర్‌జీబీలో నిండు ఎరుపు 255, 0, 0 అయితే పీ3కి 234, 51, 35 పంపాలి. ఆ మార్పు చేయకుండా 255, 0, 0 అలాగే పంపేస్తే మానిటర్ తన దగ్గరున్న ఘాటంతా గుమ్మరిస్తుంది. బూడిద రంగుకి ఈ బాధ లేదు. మూడు అంకెలూ సమానంగా ఉన్నప్పుడు రెండు కొలతలూ ఒకే చోట కలుస్తాయి. స్తంభం మారకపోవడానికి కారణం అదే.

చెంచా మార్చడానికి బ్రౌజర్‌కి రెండు సంగతులు తెలియాలి: ఫొటో ఏ కొలతలో ఉంది, మానిటర్ ఏ రకం. రెండోది విండోస్‌లో మానిటర్ ప్రొఫైల్ చెబుతుంది. మానిటర్‌తో వచ్చిన ప్రొఫైల్‌ని మా వాడు బుద్ధిగా ఎక్కించుకున్నాడు. లేకపోతే రెండు బ్రౌజర్లూ మామూలు మానిటరే అనుకుని ఒకేలా మండించేవి, వీడికి అనుమానమే వచ్చేది కాదు. రెండూ వేరుగా కనపడ్డాయంటే మానిటర్ చీటీ ఉందనీ, ఈ ఫొటోకి ఒకటి దాన్ని వాడిందనీ, రెండోది వాడలేదనీ అర్థం. ఇక చూడాల్సింది ఫొటోకి కట్టిన చీటీ. ఫైలు లోపలే దాక్కుని ఉండే ఆ చీటీని ఐసీసీ ప్రొఫైల్ అంటారు. ఉందో లేదో ఒక్క వరుసలో తేలిపోతుంది.

```
exiftool -ICC_Profile:ProfileDescription mirapa.jpg
```

చీటీ ఉంటే "sRGB IEC61966-2.1" లాంటి పేరు వస్తుంది. నా ఫొటోకి ఏమీ రాలేదు. ఖాళీ.

చీటీ లేని ఫొటో దగ్గరే రెండు బ్రౌజర్ల దారులూ విడిపోయాయి. చీటీ లేకపోతే ఎస్‌ఆర్‌జీబీయే అనుకుని మార్చి పంపడం క్రోమ్ పద్ధతి. ఫైర్‌ఫాక్స్‌లో about:config తెరిచి gfx.color_management.mode అని వెతికితే మా వాడి కంప్యూటర్‌లో 2 అని ఉంది. చీటీ ఉన్న ఫొటోలనే మార్చు, లేనివాటిని ముట్టుకోకు అని దాని అర్థం. 2009లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచీ దాని దారి ఇదే. దాన్ని వట్టి మొండితనం అనను, వెనక ఒక లెక్క ఉంది. పేజీ వెనకాల పూసే రంగులు కూడా వట్టి అంకెలే, వాటికీ చీటీ ఉండదు. డిజైనర్లు ఫొటో అంచు రంగుని పేజీ రంగుతో అతుకు తెలియకుండా కలుపుతారు. ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని వదిలేస్తే మధ్యలో గీత పడుతుంది. చీటీ లేనివన్నీ ఒకే గాటన కట్టేస్తే, రంగు తప్పినా అన్నీ కలిసి తప్పుతాయి. అందరివీ మామూలు మానిటర్లే అయిన రోజుల్లో ఆ తప్పు కంటికి ఆనేది కాదు కూడా. నన్నడిగితే మాత్రం ఇప్పుడు క్రోమ్ దారే మేలు.

ఆ అంకెని 1 చేసి బ్రౌజర్ మూసి తెరిచాం. మిరపకాయలు దారికొచ్చాయి. మా వాడు చప్పట్లు కొట్టబోయాడు. "నీ కంప్యూటర్ ఒక్కటే బాగుపడిందిరా, కొనేవాళ్ల ఇళ్లకి వెళ్లి నొక్కి వస్తావా?" అన్నాను. బాగుచేయాల్సింది ఫైలుని.

అసలు చీటీ ఎవరు పీకేశారు? వెబ్‌సైట్ కట్టినవాళ్లనే ముందు అనుమానించాను. పాపం, వాళ్ల తప్పేం లేదు. నేను వాళ్లకి పంపిన ఫైలులోనే లేదు. ఫొటో ఏ ఊళ్లో, ఏ చేలో తీశానో ఆ వివరాలు ఫైలులో ఉండిపోకూడదని, ఎప్పుడో నేనే రాసుకున్న చిన్న స్క్రిప్టులో -strip అని పెట్టాను. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఆ మాట ఊరి వివరాలతో పాటు రంగు చీటీనీ ఊడ్చేస్తుంది. మూడు కిలోబైట్ల చీటీ. ఇన్నేళ్లూ చీటీ లేని ఫొటోలే పంపుతున్నాను, ఇన్నేళ్లూ ఎవరి మానిటరూ నన్ను పట్టివ్వలేదు. ఇప్పుడు ఆ వరుస ఇలా మార్చాను:

```
magick in.jpg +profile "!icc,*" out.jpg
```

రంగు చీటీ తప్ప మిగతా చీటీలన్నీ తీసేయమని. ఇప్పటికే పంపేసిన ఫైలుకి మాత్రం కొత్తగా కట్టాలి:

```
exiftool "-icc_profile<=sRGB.icc" mirapa.jpg
```

ఇది ఫొటోలోని ఒక్క చుక్కనీ కదపదు, పేరు రాసి అంటిస్తుంది అంతే. అందుకే జాగ్రత్త కూడా ఇక్కడే. అంకెలు నిజంగా ఎస్‌ఆర్‌జీబీవే అయితేనే ఆ పేరు అంటించాలి. ఉత్సాహం కొద్దీ అదే రోజు ఇంకో పాత ఫొటోకి కూడా అంటించాను, అది చప్పబడిపోయింది. తర్వాత గుర్తొచ్చింది, అది ప్రింటు కోసమని అడోబీ ఆర్‌జీబీలో దాచుకున్నది. ఆ కొలత పెద్దది కాబట్టి అంకెలు చిన్నగా ఉంటాయి. ఎస్‌ఆర్‌జీబీలో 255 ఉండే నిండు ఎరుపు అక్కడ 219. తేజ చెంచాలు లెక్కపెట్టి డబ్బా మీద బ్యాడిగి అని రాసినట్టయింది. అలాంటిదానికి ముందు అసలు పేరు అంటించి, ఆ తర్వాత అంకెల్ని ఎస్‌ఆర్‌జీబీలోకి మార్పించాలి. అంటించడం వేరు, మార్చడం వేరు. ఫొటోల పనిలో ఇన్నేళ్లున్న నేనూ తడబడ్డాను.

చీటీ కట్టిన ఫొటోని మా వాడు సైట్‌లోకి ఎక్కించాడు. ఫైర్‌ఫాక్స్‌లో ఆ అంకెని మళ్లీ 2 చేయించి, కొనేవాళ్లు చూసేలాగే చూశాం. మిరపకాయలు మిరపకాయల్లా ఉన్నాయి, ముడతలు తిరిగొచ్చాయి. కానీ ఫొటో అంచు చుట్టూ సన్నగా ఒక ఎర్ర గీత తేలింది. వాడు పేజీ వెనకాల మిరప రంగు పూయించాడు. ఫొటోలోంచే పట్టుకుని పూసిన రంగది, నిన్నటిదాకా అతుకు కనపడేది కాదు. ఇప్పుడు ఫొటోకి చీటీ ఉంది, పేజీ రంగుకి లేదు. ఫొటో దిగింది, పేజీ మండుతూనే ఉంది.

"మావయ్యా, మొత్తంగా పాతదే బాగుందేమో. ఘాటుగా ఉండేది, అమ్ముడుపోయేది" అన్నాడు.

"డబ్బా తెరిచి చూసి, ఫొటోలో రంగు లేదేమని ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడు."

కాసేపు గోక్కుని, పేజీ వెనకాల ఎరుపు తీయించి తెలుపు పెట్టించాడు. గీత పోయింది. తెలుపు రెండు బ్రౌజర్లలోనూ ఒకటే.