'దొంగ' అనే మాట కొట్టేశాం

ఆదివారం సాయంత్రం రోలా పార్కు దగ్గరి కెఫెటేరియాలో కడక్ చాయ్ తాగుతుంటే జగిత్యాల తమ్ముడొకడు ఫోన్ నా ముందు పెట్టాడు. "హెచ్‌ఆర్‌కు మెయిల్ రాసిన. ఒక్కసారి చూడన్నా."

మొదటి వాక్యమే 'మా సూపర్‌వైజర్ దొంగ' అని ఉంది. ఆ మాట కొట్టేయమన్నాను.

"అబద్ధమా అన్నా?"

నిజమే కావచ్చు. కానీ తిట్టు రాతలో పెట్టి పంపితే, యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద ఫిర్యాదు చేసినవాడి మీదే ఎదురు కేసు పడొచ్చు. అందుకే అడిగాను, నీ కళ్లతో చూసిందేంటి? మే నెలలో పన్నెండు రోజులు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పనిచేశాడు. జీతం స్లిప్‌లో ఓటీ సున్నా. అదే రాశాం, తేదీలతో సహా.

లెక్క కూడా వేశాం. బేసిక్ 1,200 దిర్హాములు. ముప్పై రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే గంటకు 5. పగటి ఓటీకి చట్టం 25 శాతం కలపమంటుంది కాబట్టి 6.25. ఇరవై నాలుగు గంటలకు 150 దిర్హాములు. 'దొంగ' చేయని పని ఈ 150 చేస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు పంచింగ్ రికార్డు తెరిచి సరిచూడక తప్పదు.

సూపర్‌వైజర్ బెదిరించిన మాటలు రహస్యంగా రికార్డు చేశాడట. అది జత చేయొద్దన్నాను. సమ్మతి లేకుండా ఒకరి మాటలు రికార్డు చేయడం ఇక్కడ నేరం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏమన్నాడో గుర్తున్నంత రాయమన్నాను. పక్కనున్న సాక్షి పేరు మాత్రం అతన్ని అడిగాకే.

'నా పేరు ఎవరికీ చెప్పొద్దు' అనీ రాశాడు. పేరు లేకుండా ఎవరి పంచింగ్ చూస్తారు? 'విచారణకు అవసరమైనవారికి తప్ప నా పేరు తెలియనివ్వకండి, సూపర్‌వైజర్‌కు చెప్పక తప్పకపోతే ముందుగా నాకు తెలపండి' అని మార్చాం. సబ్జెక్ట్‌లో సూపర్‌వైజర్ పేరు తీసేసి `Confidential: overtime hours, May` అని మాత్రమే ఉంచాం. ఆ ఒక్క లైను ఎవరి తెరమీదైనా మెరుస్తుంది. నా కొత్తలో ఓ ఫిర్యాదు మెయిల్‌కు నలుగురిని సీసీలో పెట్టి, మధ్యాహ్న భోజనానికల్లా గోడౌనంతా తెలిసేలా చేసుకున్న ఘనుణ్ని నేను.

ఒక మెలిక ఉంది. కార్మిక శాఖకు చేసిన ఫిర్యాదు నిజమని తేలి, అందుకే ఉద్యోగం తీసేస్తే అది అక్రమమని 2021 కార్మిక చట్టం 47వ అధికరణ చెబుతుంది. కంపెనీలోపల హెచ్‌ఆర్‌కు రాసిన మెయిల్ మాట అందులో లేదు. కాబట్టి జవాబుకు ఒక తేదీ అడగండి, పంపిన ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఆ తేదీ దాటితే కార్మిక శాఖ నంబరు 80084.