ఐదు మిల్లీసెకన్లా, ముప్ఫయ్యా?

‘పాట’, ‘పాత’. రెంటినీ మన చెవి తడుముకోకుండా విడదీస్తుంది. తేడా హల్లులోనే ఉన్నా, దాని జాడ ముందున్న ఆకారం చివరిలోనే మొదలవుతుంది. నాలుక కొన వెనక్కి మడత పడుతుంటే నోటిలో పలికే మూడో ప్రతిధ్వని, అంటే మూడో ఫార్మాంట్, కిందికి వంగుతుంది. ఆ వంపు నలభై యాభై మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. దాన్ని కంటికి చూపించే పటం స్పెక్ట్రోగ్రామ్. అయితే కిటికీ, అంటే విండో, ఎంత పొడవుండాలో సరిగా ఎంచుకోకపోతే ఆ పటంలోనే వంపు మాయమవుతుంది.

ఈ ఎంపిక కంప్యూటర్లు రాకముందే ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీర్లు సౌండ్ స్పెక్ట్రోగ్రాఫ్ అనే యంత్రాన్ని తయారుచేశారు. కోనిగ్, డన్, లేసీ 1946లో దాని వివరాలు ప్రచురించారు. మాటను అయస్కాంత పట్టీమీద రికార్డు చేసి, పదేపదే తిప్పుతూ, ప్రతి తిప్పుకూ ఫిల్టరును కొంచెం జరుపుతూ, తిరిగే డోలుకు చుట్టిన కాగితం మీద సూదితో నల్లగా గీయించేవారు. ఆ యంత్రానికి రెండు ఫిల్టర్లు ఉండేవి. ఒకటి 300 హెర్ట్జ్ వెడల్పుది, రెండోది 45 హెర్ట్జ్‌ది. ఒకే మాటకు రెండు పటాలు తీసి పక్కపక్కన పెట్టుకుని చదివే పద్ధతి అక్కడ మొదలై, ధ్వనిశాస్త్రంలో ఇప్పటికీ నడుస్తోంది.

నేడు ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బోర్స్మా, వీనింక్ రాసిన ప్రాట్. అందులో ఫిల్టరు వెడల్పును నేరుగా అడగరు, విండో పొడవు అడుగుతారు. గాసియన్ ఆకారపు విండోకి 1.3ను పొడవుతో భాగిస్తే వెడల్పు వస్తుంది. ఐదు మిల్లీసెకన్లకు 260 హెర్ట్జ్, ముప్ఫైకి 43 హెర్ట్జ్. పాత యంత్రపు రెండు ఫిల్టర్లే కొత్త లెక్కలో మళ్లీ కనిపిస్తున్నాయి.

```
To Spectrogram: 0.005, 5000, 0.002, 20, "Gaussian"
To Spectrogram: 0.03, 5000, 0.002, 20, "Gaussian"
```

120 హెర్ట్జ్ స్థాయిలో మాట్లాడే మగ గొంతు ‘పాట’ అంటోంది అనుకుందాం. స్వరతంత్రులు 8.3 మిల్లీసెకన్లకోసారి మూసుకుంటాయి. మొదటి ఆదేశంతో ఐదు మిల్లీసెకన్ల విండో వేస్తే, ఒక మూతకూ తర్వాతి మూతకూ మధ్య అది ఇమిడిపోతుంది. కాబట్టి ప్రతి మూతా ఒక నిలువు గీతగా పడుతుంది. ఆ గీతలమీద అడ్డంగా వెడల్పాటి నల్లపట్టీలుగా ఫార్మాంట్లు ఉంటాయి. ఆకారానికి మొదటిది ఏడెనిమిది వందల దగ్గర, రెండోది 1200 దాటాక, మూడోది సుమారు 2500 దగ్గర. ఆ మూడో పట్టీ చివర కిందికి తిరగడం, తర్వాత టకారం మూసుకున్న నిశ్శబ్దం, ఆపైన నాలుక విడిపోయిన క్షణపు సన్నని నిలువు చార, అన్నీ వరసగా చదువుకోవచ్చు.

రెండో ఆదేశంతో అదే ధ్వని వేరే వస్తువులా కనిపిస్తుంది. ముప్ఫై మిల్లీసెకన్లలో మూడు నాలుగు మూతలు పడతాయి గనుక నిలువు గీతలు కలిసిపోతాయి. వాటి బదులు 120, 240, 360 అంటూ సమాన దూరాల్లో అడ్డగీతలు లేస్తాయి. ఇవి హార్మోనిక్‌లు. గొంతు స్థాయిని కొలవాలంటే ఈ పటమే కావాలి. గొంతు 120 నుంచి 110కి దిగితే మొదటి గీత కదిలింది పది హెర్ట్జే, కంటికి ఆనదు. పదో గీత మాత్రం 1200 నుంచి 1100కి జారుతుంది, దానిమీద కొలిచి పదితో భాగించడం పాత ధ్వనిశాస్త్రజ్ఞుల మెలకువ. కానీ టకారం విడుదల చార ముప్ఫై మిల్లీసెకన్ల మసకగా పరుచుకుంటుంది. అటు అచ్చు తోక, ఇటు చార మసక చొచ్చుకొచ్చి డెబ్భై మిల్లీసెకన్ల నిశ్శబ్దం నలభైలా కనిపిస్తుంది. మూడో ఫార్మాంట్ వంపు గీతల గుంపులో కలిసిపోతుంది. ఈ పటం మీద హల్లుల నిడివి కొలిచేవారు తప్పు అంకెలు రాసుకుంటారు.

ఎందుకిలా? 120, 240 హెర్ట్జ్ కంపనాలు రెండూ కలిసి బయలుదేరితే, ఒకటి మరొకదానికంటే పూర్తిగా ఒక చుట్టు ముందుకు పోవడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఐదు మిల్లీసెకన్లే చూసిన విండోకి ఆ తేడా పూర్తిగా బయటపడదు. దగ్గరగా ఉన్న స్థాయిల్ని విడదీయాలంటే వాటి తేడా తెలిసేంతసేపు వినక తప్పదు. అంతసేపు వింటే, ఆ మధ్యలో ఏది ఎప్పుడు జరిగిందో చెప్పలేం. డెనిస్ గాబర్ 1946లోనే దీనికి గణిత హద్దు గీశాడు. ఆ హద్దును సరిగ్గా తాకేది గాసియన్ ఆకారం. ప్రాట్ దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆదేశంలో చివరి అంకె 20, అంటే ఎన్ని హెర్ట్జ్‌లకోసారి విలువ లెక్కించాలో చెప్పేది. దాన్ని ఐదుకు తగ్గిస్తే పటం సూక్ష్మమవుతుందని ఆశపడతారు. విండో ఐదు మిల్లీసెకన్లే అయినప్పుడు ప్రాట్ ఆ కోరికను పక్కనపెట్టి దాదాపు 44 హెర్ట్జ్ అడుగులే వేస్తుంది. అంతకంటే దగ్గరగా లెక్కించినా కొత్త సమాచారం రాదని దాన్ని రాసినవారికి తెలుసు. మరికొన్ని సాఫ్ట్‌వేర్లలో చివర సున్నాలు చేర్చి ఎంత దగ్గరైనా లెక్కించవచ్చు. పటం నున్నగా, అందంగా వస్తుంది, గీతలు మాత్రం విడిపోవు. పరీక్ష సులువు. 1000, 1100 హెర్ట్జ్ స్వరాలు రెంటిని కలిపి ధ్వని తయారుచేయండి. ఐదు మిల్లీసెకన్ల విండోలో సున్నాలెన్ని చేర్చినా ఒకే పట్టీ కనిపించి, పది మిల్లీసెకన్లకోసారి ఆరి వెలుగుతుంటుంది. ముప్ఫైలో రెండు గీతలు నిలకడగా నిలుస్తాయి. రెండు పటాలూ ఒకే నిజాన్ని రెండు రకాలుగా చెబుతున్నాయి, తప్పు దేనిలోనూ లేదు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న, నా దృష్టిలో, ఐదు మంచిదా ముప్ఫై మంచిదా అని కాదు. ఈ గొంతు మూతల మధ్య వ్యవధితో పోలిస్తే విండో పొట్టిదా, పొడుగుదా అన్నది. మగ గొంతులతో నేర్చుకున్నవారు ఈ ప్రశ్న మరిచిపోయి చిన్నపిల్లల గొంతు దగ్గర దెబ్బతింటారు. పిల్ల గొంతు 350 హెర్ట్జ్ అయితే వ్యవధి 2.9 మిల్లీసెకన్లు. అలవాటైన ఐదు మిల్లీసెకన్ల విండో ఆ గొంతుకు పొడుగుదే. 350, 700, 1050 దగ్గర హార్మోనిక్‌లు విడివిడిగా లావుపాటి పట్టీలై నిలబడతాయి, చూసేవారు 1050 పట్టీని మొదటి ఫార్మాంట్ అని రాసేసుకుంటారు. అనుమానం వస్తే తేల్చుకునే దారి ఉంది. గొంతు స్థాయి మారిన చోట చూడాలి. స్థాయి 300కి దిగినప్పుడు ఆ పట్టీ 900కి జారితే అది హార్మోనిక్. నోటి ఆకారం మారనప్పుడు ఫార్మాంట్ గొంతుతో పాటు జారదు.

విండోని మూడు మిల్లీసెకన్లకు కుదిస్తే వెడల్పు 433 హెర్ట్జ్ అవుతుంది, హార్మోనిక్‌లు కలిసిపోతాయి. పిల్లల ఆకారంలో మొదటి రెండు ఫార్మాంట్లూ ఒకదానికొకటి దగ్గరే గనుక అవీ కలిసిపోయే ప్రమాదం ఉంది. 350 హెర్ట్జ్‌లకోసారి మాత్రమే శక్తిని పంపే గొంతు, మధ్యలో నోటి ప్రతిధ్వని ఎలా ఉందో చూపించదు. ఏ విండో పొడవూ లేని సమాచారాన్ని తీసుకురాలేదు. అప్పుడు అదే మాటను గుసగుసగా చెప్పించి రికార్డు చేస్తారు. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, హార్మోనిక్‌లే ఉండవు, గాలి రొద నోటి ప్రతిధ్వనులన్నిటినీ ఎడతెగకుండా వెలిగిస్తుంది. మొదటి ఫార్మాంట్ మామూలు మాటలో కంటే కొంచెం పైన పడుతుంది, ఆ మేరకు దాన్ని సవరించుకుని చదవాలి.