మధుమేహ రోగి సంరక్షణ ప్రణాళిక: ఒక నమూనాపై విమర్శ

ఈ పాఠం కోసం రాసిన ఒక నమూనా ప్రణాళికను ఇక్కడ పరిశీలిద్దాం. రోగి 56 ఏళ్ల వ్యవసాయ కూలీ. తొమ్మిదేళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది. ఎడమకాలి బొటనవేలిపై మానని పుండుతో వార్డులో చేరింది. ఉదయం 22 యూనిట్లు, రాత్రి 12 యూనిట్లు 30/70 మిశ్రమ ఇన్సులిన్ ఇస్తున్నారు. రాసిన విద్యార్థిని దస్తూరి చక్కగా ఉంది, అన్ని గడులూ నింపింది. ఇన్సులిన్ పొడిచే చోటు రోజూ మార్చాలన్న అంశాన్ని మరచిపోలేదు. అయినా ఈ ప్రణాళికను ఉన్నదున్నట్లు అమలు చేస్తే రోగికి హాని జరగవచ్చు. ఎందుకో చూడండి.

అంచనా గడిలో ఇలా ఉంది: ‘చేరినప్పుడు చక్కెర 286. మర్నాడు పరగడుపున 132. అతిమూత్రం, దాహం ఉన్నాయి. ఉదయం పదిన్నరకు చెమటలు, చేతుల వణుకు. నీరసమని విశ్రాంతి సూచించడమైనది.’ మీ దృష్టి ఎక్కడ ఆగాలి? 286 దగ్గర కాదు, ఆ చివరి వాక్యం దగ్గర. చెమట, వణుకు చక్కెర పడిపోతున్నదనడానికి తొలి గుర్తులు. ఆ క్షణంలో వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి గ్లూకోమీటరుతో చూస్తే సరిపోయేది. అలా చూడకపోవడంతో ఒక ప్రమాద సూచన ‘నీరసం’ అన్న మాట కింద దాగిపోయింది.

అంచనాలో మరో లోపం, తిండి గురించి ఒక్క ప్రశ్నా లేదు. అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేది: ఇన్సులిన్ ఏడు గంటలకు ఇస్తున్నారు, టిఫిన్ ఎనిమిదిన్నరకు వస్తున్నది. వచ్చిన మూడు ఇడ్లీల్లో ఒకటిన్నర తోడుగా ఉన్న మనవడికి పెడుతున్నది. మిశ్రమంలోని త్వరిత భాగం సుమారు అరగంటలో పని మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు గంటల మధ్య బలంగా ఉంటుంది. ఏడుకు ఇచ్చినది పదిన్నరకు ఆ బలంలోనే ఉంది. తిన్నది మాత్రం సగమే.

ఇక నిర్ధారణ: ‘మధుమేహం వల్ల చక్కెర పెరగడం’. ఇది వైద్యుడి నిర్ధారణనే తిరిగి చెప్పడం. నర్సు తన చేతులతో మార్చగల కారణం అందులో లేదు. దీన్ని ఇలా రాయవచ్చు: ‘ఇన్సులిన్ వేళకూ తినే ఆహారానికీ పొంతన లేనందువల్ల రక్తంలో చక్కెర అస్థిరమయ్యే ముప్పు’. ముప్పు అని ఎందుకంటే, పదిన్నరకు విలువ కొలవలేదు కనుక చక్కెర పడిపోయిందని ఖాయంగా చెప్పలేం. కారణం ఇలా రాసిన వెంటనే ఏం చేయాలో దానంతటదే తేలుతుంది.

లక్ష్యం కింద ‘డిశ్చార్జి నాటికి హెచ్‌బిఎ1సి 7 శాతం కంటే తగ్గుతుంది’ అని ఉంది. ఈ పరీక్ష దాదాపు రెండు మూడు నెలల సగటును చూపుతుంది. వారం రోజుల సంరక్షణను దానితో కొలవలేరు. ‘రాబోయే 48 గంటల్లో ఏ కొలతా 70 మిల్లీగ్రాములకు తగ్గదు, చెమట, వణుకు వస్తే వెంటనే చెప్పాలని రోగి తన మాటల్లో చెబుతుంది’ అని రాస్తే సాయంత్రానికే సరిచూసుకోగలరు.

చర్యల్లో ‘ఆదేశం ప్రకారం ఇన్సులిన్ ఇవ్వడం, తీపి మాన్పించడం’ అని మాత్రమే ఉంది. సగం తిండి మీద ఇన్సులిన్ యథాతథంగా ఇస్తూ తీపి వద్దని గట్టిగా చెబితే, వణుకు వచ్చినప్పుడు కూడా ఆమె చక్కెర ముట్టదు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ముందుగా టిఫిన్ ఎప్పుడొస్తుందో కనుక్కొని, దానికి అరగంట ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆమె సరిగా తినలేని స్థితిలో ఉంటే పొడవకముందే వైద్యుడికి తెలపాలి. మోతాదు మీరే తగ్గించకూడదు. మనవడికి వేరే తిండి ఏర్పాటయ్యేలా చూడాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, ఈ కేసులో మందు ఎంతో అదీ అంతే.

వణుకు మళ్లీ వస్తే ముందు కొలవండి. 58 వచ్చిందనుకోండి; స్పృహలో ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే అదే మోతాదు మళ్లీ ఇవ్వాలి. కోలుకున్నాక ఏదైనా తినిపించి, వైద్యుడికి చెప్పాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే వైద్యుణ్ని పిలిచి, సిరలోకి గ్లూకోజ్ ఎక్కించడానికి సిద్ధం చేయాలి.

పుండుకు డ్రెస్సింగ్ రాశారు గాని పాదంలో స్పర్శ ఉందో లేదో చూడలేదు. స్పర్శ లేని పాదానికి నొప్పి తెలియదు కనుక దానికి విడిగా ఒక నిర్ధారణ అవసరం.

మూల్యాంకనం గడిలో ‘రోగి బాగుంది’ అని ఉంది. అక్కడ ఉండవలసినది ఇలాంటిది: ‘8.00కు ఇన్సులిన్. 8.30కు మూడు ఇడ్లీలు తిన్నది. 10.30కు కొలత 124, చెమట లేదు.’