ముందుమాట: ఏటా మార్చనక్కర్లేని టీకా

2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో మా నరసరావుపేట పాప ఒకతె చనిపోయింది. రెండేళ్లది. హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ అని పుణె వైరాలజీ సంస్థ తేల్చింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని పత్రికలు రాశాయి. మా కాలేజీలో జువాలజీ చదివి ఇప్పుడు పిల్లలకు అదే పాఠం చెబుతున్న అమ్మాయి ఈ పుస్తకాన్ని ఆ వార్తతోనే మొదలుపెట్టింది. కానీ అక్కడ ఆగి కన్నీళ్లు పెట్టించలేదు. కోడి వైరస్‌కూ మనం వేయించుకునే మామూలు ఫ్లూ టీకాకూ మధ్య ఉన్న లంకె పట్టుకుంది. నాకు నచ్చిందదే.

ఫ్లూ టీకాను ఏటా ఎందుకు మారుస్తారో మొదటి అధ్యాయం చెబుతుంది. వైరస్ పైన హిమాగ్లూటినిన్ అనే మాంసకృత్తు ఉంటుంది, పొట్టిగా హెచ్‌ఏ అందాం. దాని తల ఊరికే రూపు మారుతుంటుంది, కాడ అంతగా మారదు. మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఎక్కువగా ఆ తలనే పట్టుకుంటాయి. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు వేయాలో ముందే ఊహించి చెబుతుంది. కోడిగుడ్లలో వైరస్ పెంచి టీకా బయటికి తెచ్చేసరికి ఆరు నెలలు. ఈలోగా వైరస్ ఇంకోలా తిరిగితే ఊహ తప్పినట్టే. 2014-15 చలికాలంలో హెచ్3ఎన్2 అలాగే తిరిగింది. అమెరికాలో ఆ ఏడు టీకా కాపాడింది ఇరవై శాతం లోపే.

మూడో అధ్యాయం మాత్రం నిదానంగా చదవండి. టీకాలో మూడు నాలుగు రకాల హెచ్‌ఏలు కలిపి ఇచ్చినా చాలామంది ఒంట్లో ఏదో ఒకదానికే గట్టి స్పందన వస్తుంది. ఎందుకని? స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ డేవిస్ ప్రయోగశాలలో మల్లాజోస్యుల వంశీ, ఆయన సహచరులు ఒకే అండం నుంచి పుట్టిన కవలలను పరీక్షించారు. అంతకుముందు ఏ ఫ్లూ సోకిందన్న దానికన్నా పుట్టుకతో వచ్చిన జన్యువుల ప్రభావమే ఎక్కువని తేలింది. ఈ ఫలితాలు 2024 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

లోపల జరిగేది ఇది. బి కణం తనకు సరిపడిన హెచ్‌ఏను పట్టి మింగుతుంది, ముక్కలు చేసి తన పైన ఆరబెడుతుంది. ఆ ముక్కను టి కణం గుర్తుపడితేనే బి కణానికి సాయం అందుతుంది. ఏ ముక్క ఎవరి కణంపై బాగా నిలుస్తుందో నిర్ణయించేది జన్యువులు. హెచ్1 ముక్కలు నిలిచి హెచ్3 ముక్కలు నిలవని మనిషిలో హెచ్3ను పట్టిన బి కణం ఒంటరిదైపోతుంది. వంశీ బృందం చేసిందల్లా నాలుగు హెచ్‌ఏలను ఒకదానికొకటి రసాయనికంగా అతికించడం. ఇక హెచ్3ను పట్టిన కణం తక్కినవీ మింగక తప్పదు. హెచ్1 ముక్కలూ దాని మీదికి వస్తాయి, టి కణం కదులుతుంది. పొరుగువాడి పేరు మీద అప్పు పుట్టినట్టు! ఎలుకల్లోనూ, మనుషుల టాన్సిల్ కణజాలాన్ని గిన్నెల్లో పెంచి చూసినప్పుడూ ఆ పక్షపాతం దాదాపు పోయింది. అతికించినవాటితో బర్డ్ ఫ్లూ హెచ్‌ఏనూ జతచేస్తే, ఎన్నడూ చూడని ఆ వైరస్‌కూ స్పందన బాగా పెరిగింది. నరసరావుపేట వార్తకూ ఈ అధ్యాయానికీ ముడి ఇక్కడే.

ఇదే వంశీ 2014లో బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవన్ వరదరాజన్ దగ్గర ఉండగా తల తీసేసిన కాడతో టీకా ప్రయత్నం చేశాడు. ఎలుకల్లో అది వేరే రకం ఫ్లూ నుంచీ కాపాడింది. రెండు దారులకూ తేడా ఉంది. అతికించడం వల్ల స్పందన వెడల్పవుతుంది గాని తల మారడం ఆగదు. ఏటా మార్చే పని నిజంగా తప్పాలంటే కాడ దారి గెలవాలి. ఈ తేడాను రచయిత్రి ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఎంఆర్‌ఎన్‌ఏ సంగతి త్వరగా ముగించింది, అది సబబే. పెన్సిల్వేనియాలో స్కాట్ హెన్స్‌లీ బృందం 2022లో ఇరవై రకాల హెచ్‌ఏల జన్యు సందేశాలను ఒకే సూదిలో ఇచ్చింది. ఎలుకలకు, ఫెరెట్‌లకు జబ్బు తీవ్రత తగ్గింది, సోకడం మాత్రం పూర్తిగా ఆగలేదు. గుడ్లు అక్కర్లేదు కనుక గుడ్లలో పెరిగేటప్పుడు వైరస్ మారిపోయే చిక్కు లేదు. హైదరాబాద్ సీసీఎంబీ కూడా 2022లో స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతి సిద్ధం చేసింది.

ఒక్క కొరత. గుడ్డు టీకాకు మామూలు ఫ్రిజ్ చాలు, రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. ఇప్పటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో చాలావాటిని ఎక్కువ కాలం దాచాలంటే గడ్డకట్టించే చలి కావాలి. మే నెలలో రెంటచింతల ఎండ ఎరిగిన అమ్మాయి ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి ఆ సీసా ఎలా చేరుతుందో రెండో ముద్రణలో రాయాలని నా కోరిక.